గ్రాఫైట్ మీద సగం పరమాణువులే ఎందుకు కనిపిస్తాయి? ఎస్‌టీఎం ప్రయోగం మొదటి నుంచి చివరిదాకా

గ్రాఫైట్ పై పొరలో కార్బన్ పరమాణువులు షడ్భుజాలుగా అల్లుకుని ఉంటాయి. పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 0.142 నానోమీటర్లు. అదే గ్రాఫైట్‌ను స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్, అంటే ఎస్‌టీఎం, కింద పెడితే తెర మీద వచ్చే చుక్కల మధ్య దూరం 0.246 నానోమీటర్లు ఉంటుంది. షడ్భుజాలు కనిపించవు, త్రిభుజాల వరుసలు కనిపిస్తాయి. చుక్కలు లెక్కపెడితే ఉండాల్సిన పరమాణువుల్లో సరిగ్గా సగమే తేలతాయి. పరికరం చెడిపోలేదు, టిప్ మొద్దుబారలేదు. బొమ్మ బాగా వచ్చినప్పుడే ఇలా వస్తుంది.

ఎస్‌టీఎం చూపించేది ఏమిటో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ప్రయోగం నాకు కనిపించదు. ఖరీదైన వాక్యూమ్ చాంబర్ అక్కర్లేదు, గాలిలోనే చేయొచ్చు. విశాఖలో ఎం.ఎస్సీ. ఫిజిక్స్ పిల్లలతో చేయించేటప్పుడు మేం పాటించే వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను. మన ఊరి ఉక్కపోత, ఉప్పు గాలి ఈ పనిలో ఎక్కడ అడ్డొస్తాయో కూడా చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒక లెక్క

మొనదేలిన లోహపు తీగను, అంటే టిప్‌ను, విద్యుత్తు ప్రవహించే ఉపరితలానికి ఒక నానోమీటరు కంటే దగ్గరగా తెచ్చి, రెండింటి మధ్య చిన్న వోల్టేజీ పెడితే, తగలకుండానే కరెంటు పారుతుంది. ఎలక్ట్రాన్ తరంగం ఖాళీలోకి కొంత చొచ్చుకుపోయి అవతల తేలుతుంది. ఇదే టన్నెలింగ్. ఖాళీ పెరిగే కొద్దీ ఆ తరంగం చాలా వేగంగా సన్నగిల్లుతుంది:

```
I ∝ V · exp(−2κd)
κ = 5.12 × √φ     (κ: 1/nm,  φ: eV)
```

ఇక్కడ I కరెంటు, V వోల్టేజీ, d ఖాళీ వెడల్పు, κ తరంగం ఎంత వేగంగా సన్నగిల్లుతుందో చెప్పే సంఖ్య, φ ఎలక్ట్రాన్ దాటాల్సిన అడ్డుగోడ ఎత్తు. మామూలు లోహాలకు φ 4 నుంచి 5 ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటుంది. 4.5 తీసుకుంటే κ విలువ 10.9, 2κ విలువ 21.7. ఖాళీ 0.1 నానోమీటరు పెరిగితే కరెంటు e^2.17 రెట్లు, అంటే దాదాపు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. 0.2 నానోమీటర్లు పెరిగితే దాదాపు ఎనభయ్యో వంతు మిగులుతుంది. పరమాణువు వ్యాసంలో సగమో, ఇంకా తక్కువో జరిగితేనే ఇంత తేడా.

ఈ ఒక్క సంగతి నుంచి రెండు ఫలితాలు వస్తాయి. మొదటిది టిప్ గురించి. టిప్ చివర ఒక పరమాణువు మిగతావాటి కంటే 0.25 నానోమీటర్లు ముందుకు పొడుచుకు వచ్చి ఉంటే, వెనక ఉన్న ఒక్కో పరమాణువు మోసే కరెంటు ముందున్నది మోసేదాంట్లో రెండు వందల వంతు కూడా ఉండదు. అందుకే మామూలు కట్టర్‌తో కోసిన తీగ కూడా పరమాణువుల స్థాయిలో పని చేస్తుంది. తీగ మొత్తం సన్నగా ఉండనక్కర్లేదు, చివర ఒకే ఒక్క పరమాణువు ముందుంటే చాలు.

రెండోది బొమ్మ గురించి, దీన్ని చాలామంది వదిలేస్తారు. కరెంటు మారకుండా ఫీడ్‌బ్యాక్ టిప్‌ను పైకీ కిందికీ జరుపుతుంది, ఆ కదలికనే మనం ఎత్తు అని గీస్తాం. ఉపరితలం మీద ఒక చోట ఎలక్ట్రాన్ స్థితుల సాంద్రత పక్క చోటు కంటే రెండింతలు ఉందనుకోండి. రెండు చోట్లా పరమాణు కేంద్రకాలు ఒకే ఎత్తులో ఉన్నా సరే, కరెంటు సమంగా ఉంచడానికి టిప్ ln2/2κ, అంటే 0.032 నానోమీటర్లు పైకి లేస్తుంది. బొమ్మలో అక్కడ ఒక గుట్ట కనిపిస్తుంది. నిజానికి అక్కడ గుట్టంటూ ఏమీ లేదు. ఈ 0.032 అన్న సంఖ్యను గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

టిప్ తయారీ

ప్లాటినం-ఇరిడియం తీగ, పావు మిల్లీమీటరు మందంది, తీసుకోండి. టంగ్‌స్టన్ తీగను కాస్టిక్ సోడా ద్రావణంలో కరెంటుతో కరిగించి ఇంకా నున్నటి మొన చేయొచ్చు. కానీ గాలిలో దాని మీద ఆక్సైడ్ పొర కడుతుంది, వేసవిలో మన దగ్గర ఉండే తేమకు ఆ టిప్ ఎక్కువసేపు నిలవదు. గాలిలో పని చేసేటప్పుడు ప్లాటినం-ఇరిడియమే మేలు.

తీగను, ప్లయర్‌ను, కట్టర్‌ను స్పిరిట్‌తో తుడవండి. తీగ ఒక కొసను ప్లయర్‌తో గట్టిగా పట్టుకోండి. కట్టర్‌ను తీగకు వీలైనంత ఏటవాలుగా ఆనించి మెల్లగా నొక్కండి. కట్టర్ తీగలోకి దిగుతుండగానే దాన్ని తీగ పొడవు వెంట బయటికి లాగండి. అప్పుడు తీగ తెగడం కాక, చివర్న లాగి చింపినట్టు విడిపోవాలి. పూర్తిగా కోసేస్తే చదునైన కొస మిగులుతుంది, అది పనికిరాదు. కోసిన మొనను వేలితో తాకకూడదు, దేనికీ ఆనించకూడదు. భూతద్దంలో పదునుగా కనిపించే టిప్ మంచిదన్న నమ్మకం ఏమీ లేదు. చివరి పరమాణువును భూతద్దం చూపించదు, బొమ్మే చెప్పాలి. బొమ్మ రాకపోతే వెంటనే ఇంకో టిప్ కోయండి. పాతదాన్ని బాగుచేస్తూ కూర్చుంటే పొద్దు పోవడమే మిగులుతుంది.

గ్రాఫైట్ పొర లేపడం

సహజ గ్రాఫైట్ కాకుండా, ఎస్‌టీఎం కోసమే అమ్మే, పొరలన్నీ ఒకే దిశలో పేర్చినట్టుండే కృత్రిమ గ్రాఫైట్ దిమ్మ వాడతాం. దాని పొరల మధ్య పట్టు చాలా బలహీనం, స్టేషనరీ షాపులో దొరికే పారదర్శక టేపు సరిపోతుంది. టేపును దిమ్మ మీద పరిచి బొటనవేలితో ఒకసారి మెల్లగా ఒత్తి, ఒక మూల నుంచి నిదానంగా లేపండి. టేపుకు అద్దంలా మెరిసే పలచటి పొర అంటుకుని వస్తుంది. లేపాక దిమ్మను వెలుతురుకు అటూ ఇటూ వంచి చూడండి. రేకులు పైకి లేచి ఉంటే వాటిని శుభ్రమైన పట్టకారుతో తీసేయండి, లేకపోతే టిప్ దగ్గరికి వచ్చేటప్పుడు ముందు ఆ రేకుకే తగులుతుంది.

తాజాగా లేపిన పొర మీద కూడా గాలిలోని తేమ, జిడ్డు కాసేపటికే చేరతాయి. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. టిప్ సిద్ధంగా పెట్టుకున్నాకే పొర లేపండి. దిమ్మను అతికించే ఉక్కు బిళ్ల ఉప్పు గాలికి తుప్పు పడుతుంది. ఆ తుప్పు వల్ల విద్యుత్ సంధి సరిగా కుదరక కరెంటు ఉన్నట్టుండి ఎగిరిపడుతుంటుంది. అలా జరిగితే టిప్‌ను తిట్టుకునే ముందు బిళ్ల అడుగు గీకి చూడండి. పని అయ్యాక బిళ్లను సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టేయండి.

చోటు, కదలికలు, ఫ్యాను

పరికరాన్ని కింది అంతస్తులో, గది మధ్యలో కాకుండా గోడ మూలకు దగ్గరగా పెట్టండి. బరువైన గ్రానైట్ పలకను, కొద్దిగా గాలి కొట్టిన స్కూటర్ ట్యూబు మీద ఉంచి, దాని మీద పరికరాన్ని పెడితే చవకైన, చాలా మంచి ఏర్పాటు అవుతుంది. అలలు తీరాన్ని కొట్టడం వల్ల నేలలో వచ్చే కదలిక చాలా నెమ్మదైంది. దానికి టిప్, సాంపిల్ రెండూ కలిసే ఊగుతాయి కాబట్టి ఖాళీ మారదు. ఇబ్బందంతా అంతకంటే వేగవంతమైన కదలికలతోనే: రోడ్డు మీద వెళ్లే లోడు లారీలు, పై అంతస్తులో మోటారు, మన గదిలోనే తిరిగే ఫ్యాను.

ఏసీ సంగతి కొంచెం చూసుకోవాలి. వేసిన వెంటనే స్కాన్ మొదలుపెడితే లోహపు భాగాలు ఇంకా చల్లబడుతూ ఉంటాయి, టిప్ కింద ఉపరితలం నెమ్మదిగా జారుతున్నట్టు కనిపిస్తుంది. గంట ముందే ఏసీ వేసి, గది స్థిమితపడ్డాక, టిప్‌ను దగ్గరికి తెచ్చి ఇంకాసేపు ఆగి, స్కాన్ సమయానికి ఏసీ ఆపేసి మూత పెట్టడం మా పద్ధతి. ఉక్కగా ఉంటుంది, కానీ బొమ్మ నిలబడుతుంది.

దగ్గరికి తేవడం, స్కాన్

ముందు చేత్తో, భూతద్దంలో చూస్తూ టిప్‌ను దించండి. గ్రాఫైట్ మెరుపులో టిప్ నీడ కనిపిస్తుంది. అసలు మొనకూ నీడ మొనకూ మధ్య సన్నటి సందు మిగిలినప్పుడు ఆపి, మిగతాది పరికరం తనంతట తాను దగ్గరికి తెచ్చుకునే మోడ్‌కు వదిలేయండి. కరెంటు సెట్‌పాయింట్, అంటే ఫీడ్‌బ్యాక్ మారకుండా నిలపాల్సిన కరెంటు, ఒక నానోఆంపియర్ పెట్టండి. బయాస్, అంటే టిప్‌కూ సాంపిల్‌కూ మధ్య వోల్టేజీ, 50 మిల్లీవోల్టులు పెట్టండి. సెట్‌పాయింట్ తగలగానే మోటారు ఆగి, ఫీడ్‌బ్యాక్ పగ్గాలు పట్టుకుంటుంది.

వెంటనే 5 నానోమీటర్ల స్కాన్‌కు దూకకండి. ముందు 500 నానోమీటర్ల వెడల్పు స్కాన్ చేసి, మెట్లు లేని చదును జాగా ఎక్కడుందో చూసుకోండి. అక్కడ మెట్టు దొరికితే ఎత్తు కొలిచి పెట్టుకోండి. గ్రాఫైట్ పొరల మధ్య దూరం 0.335 నానోమీటర్లు కాబట్టి మెట్టు దానికి ఒక రెట్టో, రెండు రెట్లో, మూడు రెట్లో ఉండాలి. మెట్టుకు రెండు వైపులా ఉన్నది ఒకే పదార్థం, దూరంగా చూస్తే ఒకే ఎలక్ట్రాన్ స్థితులు. అందువల్ల మెట్టు ఎత్తు మాత్రం నిజమైన ఎత్తే. పీజో, అంటే వోల్టేజీ పెడితే సాగి టిప్‌ను కదిలించే భాగం, దాని నిలువు కొలత సరిచూసుకోవడానికి దీన్నే వాడండి.

తర్వాత చదునైన చోట 5 నానోమీటర్లకు కుదించండి. వరుసకు 0.1 సెకను, 256 వరుసలు. ఫీడ్‌బ్యాక్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే గెయిన్‌ను తక్కువలో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. వెళ్లేటప్పుడు గీసిన గీత, వచ్చేటప్పుడు గీసిన గీత రెండూ తెర మీద పక్కపక్కన పెట్టుకుని చూస్తూ పెంచితే, ఒక దశ దాటాక రెండింటిలోనూ సన్నటి వణుకు మొదలవుతుంది. అది ఫీడ్‌బ్యాక్ తనంతట తాను ఊగిపోవడం. అక్కడి నుంచి కొంచెం తగ్గించి ఆపండి.

కనిపించేవి పరమాణువులేనా?

"సార్, వచ్చేశాయి!" అని పిల్లలు కేకేసిన ప్రతిసారీ తెర మీద ఉన్నది గ్రాఫైటే అని లెక్కేసుకోకూడదు. 50 హెర్ట్జ్ కరెంటు గోల కూడా చక్కటి చారలు గీస్తుంది. వరుసకు 0.1 సెకను అంటే ఒక వరుసలో సరిగ్గా ఐదు అలలు, 5 నానోమీటర్ల బొమ్మలో నానోమీటరుకు ఒకటి చొప్పున. చూడ్డానికి ఏదో స్ఫటికంలాగే ఉంటుంది.

దాన్ని పట్టుకోవడానికి నేను మూడు మార్పులు చేయిస్తాను. స్కాన్ వెడల్పును సగానికి తగ్గిస్తే నిజమైన చుక్కలు బొమ్మలో రెండింతల పెద్దవిగా కనిపించాలి, గోల మాత్రం వరుసకు అన్నే అలలుగా మిగిలిపోతుంది. స్కాన్ దిశను 30 డిగ్రీలు తిప్పితే నిజమైన వరుసలూ బొమ్మలో అంతే తిరగాలి. స్కాన్ వేగం మారిస్తే చుక్కల మధ్య దూరం మారకూడదు. ఈ మూడూ నెగ్గితే ఉన్నది ఉపరితలం నుంచి వచ్చిందే.

తర్వాత కొలత. పక్క చుక్కల మధ్య దూరాన్ని మూడు దిశల్లో కొలవండి. ఒకటి 0.25, ఇంకొకటి 0.21, మూడోది 0.28 వస్తే కంగారు పడకండి. ఒక బొమ్మ పూర్తవడానికి రాకపోకలతో కలిపి 51 సెకన్లు పట్టింది. ఉపరితలం సెకనుకు 0.02 నానోమీటర్లు జారుతూ ఉందనుకున్నా, బొమ్మ పూర్తయ్యేసరికి ఒక నానోమీటరు, అంటే ఐదో వంతు సాగిపోతుంది లేదా కుదించుకుపోతుంది. కింది నుంచి పైకి ఒక బొమ్మ, పైనుంచి కిందికి ఒక బొమ్మ తీయండి. జారుడు ఒకదాన్ని సాగదీస్తే రెండోదాన్ని కుదిస్తుంది. రెండింటి సగటు 0.246 దగ్గరికి వస్తుంది. రాకపోతే పీజో అడ్డ కొలత సరిచేయాల్సి ఉందన్నమాట.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫూరియర్ ఫిల్టర్ వేయకముందు ఉన్న అసలు డేటాను ప్రతిసారీ దాచుకోండి. ఉత్త గోలలో ఆరు బిందువులు ఎంచుకుని మిగతాది చెరిపేస్తే చక్కటి తేనెతుట్టె తెర మీదికి వస్తుంది. ఏటవాలును సరిచేయడం వరకు పర్వాలేదు. కొలతలు మాత్రం ఫిల్టర్ చేయని బొమ్మ మీదే చేయాలి.

ఖాళీతో కరెంటు ఎలా పడిపోతుందో కొలవడం

బొమ్మ తీసిన చోటే, ఒక చుక్క మీద టిప్‌ను ఆపండి. ఫీడ్‌బ్యాక్‌ను క్షణకాలం ఆపి, టిప్‌ను 0.5 నానోమీటర్లు వెనక్కి లాగుతూ కరెంటు నమోదు చేసి, మళ్లీ ఫీడ్‌బ్యాక్ పెట్టండి. ముందుకు నెట్టకండి, టిప్ పోతుంది. ఇదంతా సెకనులో పదో వంతు కంటే తక్కువలో అయిపోవాలి, లేకపోతే జారుడు కూడా కొలతలో కలుస్తుంది. టిప్ బాగా దూరంగా ఉన్నప్పుడు కూడా ఆంప్లిఫయర్ చూపించే చిన్న కరెంటును ముందే కొలిచి తీసేయండి. అది తీయకుండా లాగరిథం వేస్తే గీత కింది కొస వంగిపోయి తప్పు వాలు వస్తుంది.

```python
import numpy as np
z, I = np.loadtxt("iz.txt", unpack=True)  # nm, nA
ok = (I > 0.05) & (I < 0.9)
s = np.polyfit(z[ok], np.log(I[ok]), 1)[0]
print("phi =", 0.00952 * s**2, "eV")
```

ఒక ఉదాహరణ తీసుకుందాం. 0.3 నానోమీటర్లు వెనక్కి లాగేసరికి కరెంటు ఒక నానోఆంపియర్ నుంచి 0.1కి పడిందనుకోండి. వాలు 2.303ను 0.3తో భాగిస్తే 7.7. φ విలువ 0.56 ఎలక్ట్రాన్ వోల్టులు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. మొదటి లెక్క ప్రకారం పదో వంతుకు పడటానికి 0.106 నానోమీటర్లు చాలు. మనకు మూడు రెట్లు కావాల్సి వచ్చింది. లాగ్ గ్రాఫ్ సరళరేఖగానే వచ్చింది, అంటే ఘాతీయ సంబంధం ఉంది. వాలు మాత్రం చాలా తక్కువ. గాలిలో గ్రాఫైట్ మీద ఇలా రావడం మామూలే. గ్రాఫైట్ అడ్డుగోడ నిజంగా అర ఎలక్ట్రాన్ వోల్టు అని మాత్రం దీన్నిబట్టి రాయకూడదు.

మనం కొలిచింది పీజో ఎంత కదిలిందన్నది. ఖాళీ ఎంత మారిందన్నది కాదు. టిప్‌కూ గ్రాఫైట్‌కూ మధ్య గాలి నుంచి చేరిన తేమ, జిడ్డు ఇరుక్కుని ఉంటాయి. టిప్ ఆ మురికిని నొక్కుతుంది, మురికి గ్రాఫైట్‌ను నొక్కుతుంది, మెత్తటి పై పొర కొంచెం కిందికి దిగుతుంది. టిప్‌ను వెనక్కి లాగితే ఉపరితలం కూడా దాని వెంట కొంత దూరం పైకి వస్తుంది. పీజో 0.3 జరిగితే అసలు ఖాళీ మారింది 0.1 మాత్రమే. వెనక్కి లాగినప్పటి గీత, తిరిగి తెచ్చినప్పటి గీత ఒకదాని మీద ఒకటి పడకపోతే ఈ నొక్కుడు ఉందని ఇంకా గట్టిగా చెప్పొచ్చు. శుభ్రమైన ఉపరితలం మీద, మంచి వాక్యూమ్‌లో ఇదే కొలత చేస్తే కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి.

గాలిలో తీసిన గ్రాఫైట్ బొమ్మల్లో చుక్కల ఎత్తు 0.1 నానోమీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఎందుకు వస్తుందో కూడా ఇప్పుడు తెలుస్తుంది. గ్రాఫైట్ ఉపరితలం ఎలక్ట్రాన్ మేఘం అసలు ఎత్తుపల్లాలు 0.02 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. మొదట్లో చెప్పిన 0.032 సంఖ్యను మళ్లీ తీయండి. రెండింతల సాంద్రత తేడాకు టిప్ శుభ్రమైన చోట 0.032 లేవాలి. 2κ స్థానంలో మనం కొలిచిన 7.7 పెడితే అదే తేడాకు 0.09 లేవాల్సి వస్తుంది. తక్కువ వాలూ, అతి ఎత్తు చుక్కలూ ఒకే కారణానికి రెండు ముఖాలు. మీ బొమ్మలో చుక్కల ఎత్తు పక్కన అదే టిప్‌తో కొలిచిన వాలు రాయకపోతే, ఆ ఎత్తుకు పెద్దగా అర్థం లేదు.

ఆ సగం పరమాణువులు ఎక్కడికి పోయాయి?

గ్రాఫైట్ పొరలు ఒకదాని మీద ఒకటి నేరుగా కూర్చోవు, కొంచెం పక్కకు జరిగి కూర్చుంటాయి. అందువల్ల పై పొరలో రెండు రకాల పరమాణువులు ఏర్పడతాయి. ఒక రకానికి సరిగ్గా కింద, రెండో పొరలో, ఇంకో కార్బన్ ఉంటుంది. దాన్ని ఎ అందాం. రెండో రకానికి కింద షడ్భుజం మధ్యలోని ఖాళీ ఉంటుంది. దాన్ని బి అందాం. ఎ పరమాణువు నిలువు కక్ష్య కింది పరమాణువు కక్ష్యతో కలిసిపోవడం వల్ల దాని స్థితులు ఫెర్మీ స్థాయికి, అంటే ఎలక్ట్రాన్లు నిండిన స్థితులకూ ఖాళీ స్థితులకూ మధ్య ఉన్న హద్దుకు, పైకీ కిందికీ జరిగిపోతాయి. బి పరమాణువుకు అలాంటి జోడీ లేదు, దాని స్థితులు ఫెర్మీ స్థాయి దగ్గరే ఉండిపోతాయి.

మనం పెట్టిన బయాస్ 50 మిల్లీవోల్టులు. అంటే ఫెర్మీ స్థాయి పక్కనే ఉన్న సన్నటి పట్టీలోని ఎలక్ట్రాన్లు మాత్రమే ఖాళీ దాటుతున్నాయి. ఆ పట్టీలో ఉన్నవి ఎక్కువగా బి స్థితులే. ఎ, బి రెండూ ఒకే ఎత్తులో, ఒకే మూలకంగా ఉన్నా, టిప్ బి మీద పైకి లేస్తుంది, ఎ మీద అంతగా లేవదు. ఆరు పరమాణువుల షడ్భుజంలో మూడే మెరుస్తాయి. బి నుంచి బికి దూరం 0.246.

ఎ జాడ పూర్తిగా పోలేదు. మంచి బొమ్మలో షడ్భుజాన్ని అడ్డంగా కోస్తూ, బి, ఎ, షడ్భుజం మధ్య ఖాళీ, మళ్లీ బి వచ్చేలా ఒక గీత గీసి ఎత్తు చూడండి. ఈ మూడు మజిలీల మధ్యా 0.142 చొప్పున దూరం. 0.426కు ఒక పెద్ద శిఖరం వస్తుంది. దానికి ఒక పక్క నిటారుగా దిగుతుంది, రెండో పక్క 0.142 దగ్గర చిన్న భుజంలాంటిది కనిపిస్తుంది. ఆ భుజమే ఎ. కింద రెండో పొర లేని ఒంటరి గ్రాఫీన్ పొర మీద ఎ, బి తేడా ఉండదు కాబట్టి ఆరూ సమానంగా కనిపిస్తాయి. కనిపించడం, కనిపించకపోవడం పూర్తిగా కింది పొరను బట్టి ఉందనడానికి ఇదే రుజువు.

1983లో టెర్సాఫ్, హమాన్ ఇచ్చిన సిద్ధాంతం ఈ విషయాన్నే సూటిగా చెబుతుంది. తక్కువ బయాస్ దగ్గర, టిప్ కొసను గుండ్రటి కక్ష్యగా తీసుకుంటే, ఎస్‌టీఎం బొమ్మ అంటే ఫెర్మీ స్థాయి దగ్గరి స్థానిక స్థితుల సాంద్రత ఒకే విలువ ఉన్న బిందువులన్నీ కలిపిన ఉపరితలం. ఆ సాంద్రతను కూడా కొలిచేది పరమాణువు మీద కాదు, టిప్ ఉన్న చోట, అంటే శూన్యంలో కొంత పైన. కేంద్రకాల స్థానాలు ఈ నిర్వచనంలో ఎక్కడా నేరుగా లేవు. చాలా లోహాల మీద రెండూ కలిసి వస్తాయి కాబట్టి చుక్క ఉన్నచోట పరమాణువు ఉందని చెప్పినా తప్పు దొరకదు. కానీ లోహం మీద అతుక్కున్న ఆక్సిజన్ పరమాణువు నిజానికి ఉపరితలం కంటే ఎత్తులో ఉన్నా, బొమ్మలో చాలాసార్లు గుంటగా కనిపిస్తుంది. గాలియం ఆర్సెనైడ్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 1987లో ఫీన్‌స్ట్రా బృందం దాని 110 తలం మీద చూపించినట్టు, సాంపిల్‌కు పాజిటివ్ బయాస్ పెడితే ఖాళీ స్థితులున్న గాలియం కనిపిస్తుంది, నెగటివ్ పెడితే నిండిన స్థితులున్న ఆర్సెనిక్ కనిపిస్తుంది. ఉపరితలం అదే, ఒక స్విచ్ తిప్పితే వేరే పరమాణువులు కనిపిస్తాయి.

అందుకే మా దగ్గర బయాస్ విలువ, దాని గుర్తు, కరెంటు సెట్‌పాయింట్ రాయని బొమ్మను రికార్డులో అతికించనివ్వను. బయాస్ సాంపిల్‌కు పెట్టారా, టిప్‌కు పెట్టారా అన్నది కూడా రాయాలి. అది పరికరాన్ని బట్టి మారుతుంది, గుర్తు తిరగబడితే నిండిన స్థితులు, ఖాళీ స్థితులు తారుమారవుతాయి.

బొమ్మ మోసం చేసే రెండు చోట్లు

ఒకటి, పెద్ద ముత్యాల్లాంటి వరుసలు. పై పొర కింది పొర మీద కొద్దిగా తిరిగి కూర్చుంటే రెండు అల్లికలూ కలిసి మాయిరే నమూనా వస్తుంది. దాని దూరం a/(2 sin(θ/2)), ఇక్కడ a అంటే 0.246 నానోమీటర్లు, θ తిరిగిన కోణం. తిరిగిన కోణం 2 డిగ్రీలైతే 7 నానోమీటర్లు. అలాంటి బొమ్మలో చిన్న చుక్కలు కూడా కనిపించేలా దగ్గరికి వెళ్లి, 0.246 అల్లిక లోపల ఉందో లేదో చూడాలి. గ్రాఫైట్ మెట్ల అంచుల వెంట అయితే మెలికలు తిరిగిన తాడులాంటి ఆకారాలు వస్తాయి. అవి డీఎన్ఏలాగే కనిపిస్తాయని, అసలు ఏ అణువూ పెట్టని ఉత్త గ్రాఫైట్ మీద కూడా దొరుకుతాయని 1991లో క్లెమర్, బీబీ చూపించారు. గ్రాఫైట్ మీద ఏదైనా పదార్థం వేసి స్కాన్ చేసే ముందు, ఏమీ వేయని గ్రాఫైట్‌ను అదే టిప్‌తో చూసి ఉంచుకోవాలి.

రెండోది ఇంకా సూక్ష్మం. టిప్ కొసన ముందున్నది ఒక పరమాణువు కాకుండా రెండు మూడు అయితే, ఒక్కొక్కటీ తన బొమ్మ తాను గీస్తుంది. ఆ బొమ్మలన్నీ కలిసిపోతాయి. గ్రాఫైట్ క్రమబద్ధమైనది కాబట్టి కలిసిన బొమ్మ కూడా అదే 0.246 దూరంతో క్రమంగానే ఉంటుంది. చుక్కలు మాత్రం సాగినట్టో, చారల్లానో, ఒక్కోసారి మంచి షడ్భుజాల్లానో మారతాయి. అందువల్ల షడ్భుజాలు కనిపించాయంటే ఎ పరమాణువులు దొరికాయని వెంటనే అనుకోకూడదు. అసలు చుక్కలు కనిపించాయంటే ఒక్కో పరమాణువునూ విడిగా చూస్తున్నామని కూడా అనుకోకూడదు. మనకు అల్లిక క్రమం తెలిసింది, అంతే.

ఈ రెంటికీ తేడా తేల్చేది లోపాలే. ఒక పరమాణువు లేని చోటు, మెట్టు అంచు, అతుక్కున్న చిన్న మురికి లాంటివి ఒక్కసారే వచ్చే ఆకారాలు, క్రమంగా మళ్లీ మళ్లీ రావు. టిప్ కొసన ఒకే పరమాణువు ఉంటే అది ఒకే ముద్రగా కనిపిస్తుంది. రెండుంటే అదే ముద్ర, అదే దూరంలో, అదే దిశలో బొమ్మంతటా జంటగా కనిపిస్తుంది. కాబట్టి మంచి అల్లిక వచ్చాక స్కాన్‌ను 50 నుంచి 100 నానోమీటర్లకు పెంచి, మెట్టు అంచు ఉన్న చోటికి వెళ్లండి. అంచు ఒకే గీతగా ఉందా, పక్కన దాని నకలు ఉందా అని చూడండి. నకలు ఉంటే బయాస్‌ను ఒకటి రెండు వోల్టుల దాకా క్షణకాలం పెంచి చూడండి, టిప్ కొస మారవచ్చు. మారాక మళ్లీ 5 నానోమీటర్ల స్కాన్, మళ్లీ కరెంటు-దూరం గీత. రెండు మూడుసార్లకు కూడా నకలు పోకపోతే టిప్ తీసేసి కట్టర్ అందుకోండి.